ఊరికే ఇచ్చిన పధ్నాలుగు కిలోమీటర్లు

మా నాయన గొర్రెల బేరగాడు. సంతలో అవతలి మనిషి చేయి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, వేళ్ళతో ధర చెప్పేవాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు. నాకు మాత్రం నాయన ముఖం చూస్తే తెలిసేది. ధర దిగాల్సి వచ్చినప్పుడు ఆయన నోరు తెరిచి ఒక మాట పైకే అనేవాడు: "దిగుతా. అయితే ఆ కుంటిదాన్ని కూడా నువ్వే తోలుకపోవాల." అవతలివాడు కుంటి గొర్రెను చూసి మొహం మాడ్చుకునేవాడు. ఒక్కోసారి ఒప్పుకునేవాడు, ఒక్కోసారి తువ్వాలు లాగేసి పోయేవాడు. ఎవరు పోయినా నాయన ఊరికే దిగిన రోజు ఒక్కటి కూడా నేను చూడలేదు.

ఇంత చూసినా నేను నేర్చుకోలేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను బయట నిలబెడితే, అటునుంచి అటే లారీ ఎక్కి క్లీనరుగా పోయాను. సారు ఇప్పటికీ నేను బయటే నిలబడ్డానని అనుకుంటూ ఉంటాడు. చదువు రాని లోటును నోటితో పూడ్చుకున్నాను. నలుగురిని నవ్విస్తే పని అవుతుందని నాకు చిన్నప్పుడే తెలిసింది. నవ్వినవాడు తరవాత మన దగ్గర ఏమి పట్టుకుపోతాడో మాత్రం నలభై దాటాక తెలిసింది.

రాప్తాడు దగ్గర హైవే పక్కన ఒక గార్మెంట్సు ఫ్యాక్టరీ ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు పొద్దున వచ్చి మిషన్ల మీద చొక్కాలు కుట్టి సాయంత్రం ఇళ్ళకు పోతారు. వాళ్ళను తెచ్చి దింపే బస్సులు నావి. ఒక్క పాత బస్సుతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఐదు. ఒకదాన్ని నేనే తోలతాను. తొమ్మిదేళ్ళుగా ఆ ఫ్యాక్టరీ తప్ప నాకు వేరే గిరాకీ లేదు. ఫ్యాక్టరీకీ నేను తప్ప వేరే బస్సులవాడు లేడు. అందుకని మేము మొగుడూ పెళ్ళాల మాదిరి ఉన్నామని అనేవాణ్ణి. ఎవరు పెళ్ళామో అడగకండి.

అక్కడి మేనేజరును నేను అన్నా అంటాను. ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. కాంట్రాక్టు ముగిసినప్పుడల్లా ఆయన గదిలో కూర్చుని టీ తాగేవాళ్ళం. ఆయన ఏదో ఒకటి అడిగేవాడు. నేను ఒక జోకు వేసి ఇచ్చేసేవాణ్ణి. మొదటిసారి, ఆర్డర్లు ఎక్కువున్నప్పుడు ఆదివారం కూడా ఒక ట్రిప్పు అడిగాడు. "ఆదివారం ఇంట్లో ఉంటే నా పెండ్లాం పని చెప్తాదన్నా, తిప్పుతాలే," అన్నాను. ఊరికే. తరవాత బిల్లు ముప్పై రోజులకు కాక అరవై రోజులకు ఇస్తామన్నాడు. "లేటుగా ఇస్తే లేటుగా ఖర్చవుతాది, మంచిదే కదన్నా," అన్నాను. అదీ ఊరికే. కూరగాయలవాడు తూచిన తరవాత ఒక పిడికెడు కొసరు వేస్తాడే, అట్లా వేసుకుంటూ పోయాను. ఒక్క తేడా ఉంది. కూరగాయలవాడు పిడికెడు వేసి చేయి వెనక్కి తీసుకుంటాడు. నేను పిడికిలి తెరిచే ఉంచాను.

ఆ కొసర్లలో ఒకటి ఒక పల్లె.

హైవే నుంచి మూడున్నర కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. శెనక్కాయ చేలు, రాళ్ళ గుట్ట, ఎండిన వంక దాటాక ఇళ్ళు. ఆర్టీసీ బస్సు రాదు, ఆటో వాళ్ళు ఎక్కువ అడుగుతారు. ఐదేళ్ళ కిందట ఫ్యాక్టరీలో కుట్టేవాళ్ళు చాలక మేనేజరు తల పట్టుకుని ఉన్నప్పుడు, ఆ పల్లెలో పదకొండు మంది మిషను కుట్టడం వచ్చినవాళ్ళు ఉన్నారని ఆయనకు ఎవరో చెప్పారు. "తమ్ముడూ, కొంచెం లోపలికి పోయి వాళ్ళను ఎక్కించుకొని రారాదా? నా కోసరం," అన్నాడు. పోయి రావడం ఏడు కిలోమీటర్లు, పొద్దునా సాయంత్రం కలిపి పధ్నాలుగు. "నీ కోసరం గుట్ట ఎక్కమన్నా ఎక్కిస్తా బస్సును," అన్నాను. ఆయన నవ్వాడు. అంతే, ఐదేళ్ళు ఎక్కించాను.

అప్పుడే నా భార్య అన్నది: "కాగితంలో రాయించుకో."

ఆమె మా వీధి పొదుపు సంఘానికి లీడరు. బ్యాంకు మేనేజరుతో నిలబడి మాట్లాడి వడ్డీ తగ్గించుకున్న మనిషి. నేను ఆమెను పట్టించుకోలేదు. "అన్న మాట కాగితం కంటే గట్టిది," అన్నాను.

"గట్టిదైతే రాసినా చిరగదు కదా," అన్నది.

రాయించలేదు. కాంట్రాక్టులో ఊరూరి పేరూ, కిలోమీటర్లూ వరసగా ఉంటాయి. ఆ పల్లె పేరు లేదు. బిల్లులోనూ లేదు. ఉన్నది నా బస్సు టైర్ల కింద మాత్రమే.

పోయినసారి కాంట్రాక్టు ముగిసే నెలకు నా పరిస్థితి ఇది: డీజిల్ బంకువాడు నెల దాటితే అప్పు పోయనని చెప్పేశాడు, ఫ్యాక్టరీ అరవై రోజులకు ఇస్తోంది. మధ్యలో ముప్పై రోజులు నా భార్య గాజులు బ్యాంకులో కూర్చుంటున్నాయి. ఇదే మాదిరి ఇంకో ఏడాది నడిస్తే ఏదో ఒక బస్సు అమ్మాల్సిందే. అమ్మితే ముందు తెగేది ఊరికే తిరిగే పల్లె. ఆ పదకొండు మందికి ఆ బస్సే లేకపోతే పనే లేదు. అది నాకు తెలుసు, వాళ్ళకు నాకంటే బాగా తెలుసు.

మీటింగుకు ముందు ఆదివారం మధ్యాహ్నం నా భార్య పాత క్యాలెండరు కాగితం తిరగేసి నేల మీద పరిచింది. మధ్యలో గీత గీసింది. "ఈ పక్క నువ్వు ఇయ్యగలిగినవి చెప్పు. ఆ పక్క వాళ్ళ దగ్గర తీసుకోవాల్సినవి."

ఇవ్వగలిగినవి చెప్పాను: రేటులో కొంచెం తగ్గింపు, ఆదివారం ట్రిప్పు, పాత బస్సు తీసేసి కొత్తది పెట్టడం, వెయిటింగ్ చార్జీ. ఈ చివరిది ఏమంటే, ఫ్యాక్టరీలో ఓవర్‌టైం పడి ఆడవాళ్ళు ఆలస్యంగా బయటికి వస్తే బస్సులు గేటు దగ్గర ఆగి ఉంటాయి. గంట దాటితే ప్రతి గంటకూ ఇంత అని వాళ్ళు ఇవ్వాలి. నేను ఊరికే ఇవ్వకుండా మిగిలిన ఒకే ఒక్కటి అదే. తీసుకోవాల్సినవి: బిల్లు ముప్పై రోజుల్లో, కాంట్రాక్టు రెండేళ్ళకు, డీజిల్ పెరిగితే రేటు పెరగాలన్న షరతు, పల్లె కిలోమీటర్లు కాగితం మీద.

ఆమె ఈ పక్క దానికీ ఆ పక్క దానికీ గీతలు కలిపింది. రేటు తగ్గింపు నుంచి ముప్పై రోజులకు. ఆదివారం నుంచి రెండేళ్ళకు. కొత్త బస్సు నుంచి డీజిలుకు. వెయిటింగ్ నుంచి పల్లెకు. రేటు పక్కన "నాలుగు" అని రాసి కింద రెండు గీతలు గట్టిగా గీసింది. నాలుగు శాతం దాటితే బస్సులు నెట్టుకుంటూ తిప్పాలి.

"అడిగేదాకా ఏదీ ఇయ్యొద్దు," అన్నది. "అడిగినాక కూడా, అయితే అనకుండా ఇయ్యొద్దు. మీ నాయన కుంటి గొర్రె గురించి ఊరంతా చెప్పుకుంటా తిరుగుతావు. నీ దగ్గర్నుంచి ఒక్కసారన్నా కుంటిది బయటికి పోయిందా?"

"నేనే కుంటోణ్ణి కదే," అన్నాను.

ఆమె నవ్వలేదు. కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టింది.

ఈసారి మేనేజరు గదిలో మూడో కుర్చీ ఉంది. బెంగళూరు హెడ్డాఫీసు నుంచి కొనుగోళ్ళు చూసే ఆఫీసరు వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ముందు ల్యాప్‌టాప్, పక్కన మంచినీళ్ళ సీసా. తెలుగు బాగానే మాట్లాడింది, మధ్యలో కన్నడ తగిలేది. నేను కూర్చుంటూనే ఒక జోకు వేశాను. మేనేజరు నవ్వాడు. ఆమె తెర నుంచి తల ఎత్తి, ఇది ఏ షరతు కిందికి వస్తుందో అన్నట్టు చూసింది.

అక్కడ నాకు భయం వేసింది. నవ్వని మనిషి ముందు నేను ఇంతవరకూ కూర్చోలేదు. నాకు భయం వేస్తే నోరు తెరుచుకుంటుంది. కొందరికి చెమట పడుతుంది, నాకు జోకు పడుతుంది.

ఆమె పాత కాంట్రాక్టు వరసగా చదువుతోంది. ఇంకా బేరం మొదలే కాలేదు. "వెయిటింగ్ చార్జీ అని ఉంది. ఇది ఏమిటి సార్?" అని అడిగింది. అడిగిందంతే. తీసేయమని అనలేదు, తగ్గించమనీ అనలేదు. అర్థం చెప్తే సరిపోయేది.

నేను అన్నాను: "దానికేముంది మేడం! మా డ్రైవర్లు గేటు కాడ సీట్లు వాల్చుకొని గురక పెడతాంటారు. వాళ్ళు నిద్రపోయినదానికి మీరు దుడ్లిచ్చేదేమి?"

మేనేజరు పొట్ట ఊగేలా నవ్వాడు. తొమ్మిదేళ్ళలో నేను వేసిన మంచి జోకుల్లో అది ఒకటి. ఆఫీసరు నవ్వలేదు. టైపు చేసింది.

ఒక నిమిషానికి నాకు అర్థమైంది. జేబు మీద చేయి వేసుకున్నాను. కాగితం అక్కడే ఉంది. ఒక గీతకు ఈ పక్క కొస ఊడిపోయింది.

తరవాత బేరం మొదలైంది. ఈ మాట చెప్పాలి, మిగతాదంతా నేను బాగానే చేశాను. ఆమె రేటు ఎనిమిది శాతం తగ్గించమన్నది. వేరేవాళ్ళ కొటేషన్ ఉందని ఒక కాగితం చూపించింది. నాకు నాయన తువ్వాలు గుర్తొచ్చింది. "మూడు తగ్గుతా మేడం. అయితే బిల్లు ముప్పై రోజుల్లో పడాల," అన్నాను.

"నలభై ఐదు రోజులు చేస్తాం. ఐదు తగ్గించండి."

"నలభై ఐదైతే నేను తగ్గేది ఒకటే."

ఆమె మొదటిసారి నన్ను సరిగా చూసింది. మేనేజరు కూడా చూశాడు, ఇంట్లో పిల్లి మాట్లాడినట్టు. చివరికి నాలుగు దగ్గర, ముప్పై రోజుల దగ్గర ఆగింది. ఆదివారం ట్రిప్పు ఇంతకాలం ఊరికే తిప్పానని, రెండేళ్ళకు రాస్తే ఇకమీదా తిప్పుతానని అన్నాను. రాసింది. డీజిల్ షరతు కావాలంటే పాత బస్సు మార్చాలన్నది. ఆరు నెలల్లో మారుస్తానన్నాను. అదీ రాసింది. ఒక్కోటి ఇచ్చి ఒక్కోటి తీసుకుంటూ ఉంటే ఒంట్లో ఏదో బలం వచ్చింది. ఇన్నాళ్ళు నేను పడేసినవన్నీ కొనుక్కునేవాళ్ళు ఉన్న సరుకేనని తెలిసి కడుపు మండింది కూడా.

చివరికి పల్లె దగ్గరికి వచ్చాను. ఊరి పేరు చెప్పి, రోజుకు పధ్నాలుగు కిలోమీటర్లు కలపమన్నాను.

ఆమె తెర మీద వెతికింది. "ఈ స్టాపు ఎక్కడా లేదే సార్."

"కాగితంలో లేదు మేడం. ఐదేళ్ళుగా పోతాండా. అన్నే అడిగినాడు." మేనేజరు వైపు తిరిగాను. "చెప్పన్నా."

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. అడుగున చక్కెర మిగిలిందేమో. "అప్పుడు మనుషులు లేరప్పా," అన్నాడు. "ఇప్పుడు గేటు కాడ పనికోసం రోజూ నలుగురు నిలబడతాండారు. హైవే మీద ఉండేవాళ్ళే."

తమ్ముడూ అనలేదు. అప్పా అన్నాడు. ఊళ్ళో ఎవరినైనా అనే అప్పా.

"ఆ పదకొండు మంది కాలర్లు కుట్టేవాళ్ళన్నా. కొత్తోళ్ళకు అది రావాలంటే ఎన్ని నెలలు పడతాది?"

"నేర్చుకుంటారులే."

ఆఫీసరు మంచి పిల్ల. ఇది చెప్పకపోతే పాపం. ఆమె తనే అన్నది: "కిలోమీటర్లు పెరిగితే మాకు ఖర్చు పెరుగుతుంది సార్. దానికి బదులు మీరు ఏదైనా ఇవ్వండి, నేను రాస్తాను."

"వెయిటింగ్ చార్జీ తీసేయండి," అన్నాను.

"అది మీరు పొద్దునే ఇచ్చేశారు కదా సార్."

"అది తమాషాకు అన్నాను మేడం."

ఆమె ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. నా జోకు అక్కడ ఉంది, జోకులాగా లేదు. వెయిటింగ్ చార్జీ తొలగించుటకు సరఫరాదారు అంగీకరించారు అని ఉంది. "వెనక్కి తీసుకోవచ్చు," అన్నది. "కానీ ఆ చార్జీ పోయిందని చూపించే, ముప్పై రోజులకు హెడ్డాఫీసును మెయిల్లో ఒప్పించాను. అది మీరు వెనక్కి తీసుకుంటే ముప్పై రోజుల సంగతీ మళ్ళీ మాట్లాడాలి. మీ ఇష్టం."

నా చేతిలో ఇంకేం మిగిలింది? రేటు ఉంది, దాని కింద రెండు గీతలున్నాయి. ముప్పై రోజులున్నాయి, వాటి వెనక గాజులూ బంకువాడూ ఉన్నారు. ఆ గదిలో నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. టీ మీద మీగడ కట్టేంతసేపు.  జీవితంలో నోరు మూసుకున్నది అదొక్కసారే, దానితో పదకొండు మంది దోవ తెగింది.

"అయితే ఈ స్టాపు కలపడం లేదు," అని ఆమె టైపు చేసింది.

గేటు దాకా మేనేజరు నాతో నడిచి వచ్చాడు. భుజం మీద చేయి వేశాడు. "ఏముంది తమ్ముడూ, ఎప్పటిమాదిరి ఊరికే తిప్పుకో. ఎవురు చూడొచ్చినారు? నేను చూసుకుంటాలే."

"తిప్పుతా. నువ్వేమిస్తావన్నా?"

ఆయన జోకు అనుకుని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. అలవాటు.

ఇంటికి పోతే నా భార్య కొత్త షరతులు చదివింది. ఒక్కోటి చదివి క్యాలెండరు కాగితం మీద గీత వెంబడి వేలు జరిపింది. మూడు గీతల దగ్గర తల ఊపింది. నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. "ఇదేమైంది?"

"నోరు జారినాను."

"జారలేదు," అన్నది. "నవ్వించాలనుకున్నావు."

ఊరికే తిప్పుదామా అని అడిగాను. ఆమె పాత లెక్కల పుస్తకం తీసి, మళ్ళీ మూసింది. "నాకూ ఆ అక్కయ్యలు తెలుసు," అన్నది. "ఊరికే తిప్పితే రెండేండ్లకు మళ్ళీ ఈడికే వస్తాం. ఈ రెండేండ్లు డీజిలు యాడనుంచి తెస్తావు? నీ జోకులు పోసి తోలతావా?"

ఒకటో తారీకు నుంచి బస్సు లోపలికి రాదు. పదిహేను రోజుల ముందే చెప్పాలనుకున్నాను. రోజూ రేపు చెప్దామనుకుని, చివరికి మూడు రోజుల ముందు చెప్పాను. సాయంత్రం పల్లెలో బస్సు ఆపి, ఇంజను ఆపేసి, వెనక్కి తిరిగాను. వాళ్ళలో పెద్దామె ఎప్పుడూ నా వెనక సీట్లోనే కూర్చునేది. శెనక్కాయలు పీకే రోజుల్లో కొంగున ఉడకబెట్టినవి కట్టుకొచ్చి నా ముందు పోసేది. వద్దన్నా వినేది కాదు. "డ్రైవరు నిద్రపోకుండా నములతా ఉండు," అనేది.

"అక్కా, ఇంకమీద మీ ఒంటికి మంచి కసరత్తు," అని మొదలుపెట్టాను.

"నవ్వించకప్పా," అన్నది ఆమె. "నీ మొగం చూస్తేనే తెలుస్తాండాది. చెప్పు."

చెప్పాను. ఫ్యాక్టరీ కలపలేదని చెప్పాను. ఎందుకు కలపలేదో చెప్పలేదు. ఎవరూ అరవలేదు. ఒకామె, "ఐదేండ్లు వచ్చింది ఉత్తదేనా?" అని అడిగింది. ఉత్తదే అన్నాను. "అట్లైతే చెప్పాల్సింది కదా, అప్పుడే తలా ఇంత వేసుకునేవాళ్ళం. కాగితంలోకి ఎక్కేది," అన్నది. నాకు అంత కాలం తట్టని ఉపాయం ఆమెకు బస్సు దిగేలోపల తట్టింది. ఇప్పుడు వేసుకుంటామని ఇద్దరు అన్నారు. నలుగురు అంత ఇవ్వలేమన్నారు. అది అక్కడే చీలిపోయింది.

ఒకటో తారీకున పల్లె మట్టిదోవ హైవేను కలిసేచోట ఆరుగురే నిలబడి ఉన్నారు. మిగిలిన ఐదుగురు మానేశారు. చంటిపిల్లలున్న ఇద్దరూ, మోకాళ్ళ నొప్పులున్న ఒకామే నడవలేమన్నారు; మిగతా ఇద్దరిని ఇంట్లోవాళ్ళు ఆ దోవన నడిచి పోవద్దన్నారట. ఆరుగురి కాళ్ళూ మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పెద్దామె ఎక్కి నా వెనక సీటు దాటి చివరికి పోయి కూర్చుంది.

ఓవర్‌టైం రోజుల్లో గేటు దగ్గర రెండు గంటలు ఆగుతున్నాం, పైసా లేదు. మా డ్రైవర్లు ఎవరూ గురక పెట్టడం లేదు. ఎందుకో నిద్ర రావడం లేదట. బిల్లు మాత్రం ముప్పై రోజులకు ఠంచనుగా పడుతోంది. గాజులు ఇంటికి వచ్చాయి. నా భార్య వాటిని పెట్టెలో పెట్టింది, వేసుకోలేదు.

శెనక్కాయలు పీకే కాలం వచ్చింది. ఒక పొద్దున పెద్దామె ఎక్కి, నా పక్కన నిలబడి, కొంగు విప్పి ఉడకబెట్టిన శెనక్కాయలు స్టీరింగు ముందు పోసింది. వేడి పొగ అద్దం మీద పట్టింది. నా గుండె తేలికైంది. కోపం పోయిందనుకున్నాను.

"ఊరికే కాదప్పా," అన్నది. "మా కాళ్ళు ముందటిమాదిరి పడ్డంలేదు. రేపటి నుంచి ఈడ ఐదు నిమిషాలు నిలుపు మా కోసరం."

గేటుకు ఐదు నిమిషాలు లేటైతే ఫ్యాక్టరీ నా బిల్లులో కోత వేస్తుంది. అది కొత్త కాంట్రాక్టులో ఉంది. నేను ఆలోచించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మూడు నిమిషాలక్కా," అన్నాను.

ఆమె నన్ను ఒకసారి చూసింది. రెండు చేతులతో సగం శెనక్కాయలు మళ్ళీ కొంగులో వేసుకుని, ముడి వేసుకుంటూ వెనక సీటుకు పోయింది.